స్టీమ్ ఖాతాకు తాళాలు: ఏది ముందు, ఏది తర్వాత

కంప్యూటర్‌లో ఆటలు ఆడేవాళ్లకు స్టీమ్ ఖాతా అంటే కొన్నేళ్ల కూడబెట్టు. సేల్ వచ్చినప్పుడల్లా కొన్న ఆటలు, వాలెట్‌లో మిగిలిన డబ్బు, కౌంటర్ స్ట్రైక్ 2లో చేరిన స్కిన్లు అన్నీ అక్కడే ఉంటాయి. దొంగల కన్ను ఎక్కువగా స్కిన్ల మీదే. ఆటలను ఖాతా నుంచి విడదీసి అమ్మడం కుదరదు గానీ, స్కిన్లను నిమిషాల్లో మరో ఖాతాకు పంపి బయట సొమ్ము చేసుకోవచ్చు. స్టీమ్‌ను నడిపే వాల్వ్ సంస్థ 2015 డిసెంబరులోనే ఈ సంగతి బయటపెట్టింది. అప్పట్లో నెలకు దాదాపు 77,000 ఖాతాలు దొంగల చేతికి చిక్కి, అందులోని వస్తువులు ఊడ్చిపెట్టుకుపోయేవి. పోగొట్టుకున్నవాళ్లంతా కొత్తవాళ్లేమీ కాదని, ప్రొఫెషనల్ ఆటగాళ్లు, స్కిన్ల మారకంలో చేయి తిరిగినవాళ్లు కూడా ఉన్నారని ఆ సంస్థే చెప్పింది.

ఈ వ్యాసంలో స్టీమ్ ఖాతాను భద్రం చేసుకునే పద్ధతిని మొదటి నుంచి చివరి దాకా చెబుతాను. చాలామంది నేరుగా స్టీమ్ యాప్ తెరిచి రెండంచెల ధ్రువీకరణ ఆన్ చేసి, పని అయిపోయిందనుకుంటారు. అక్కడే తేడా వస్తుంది. ఏ పని ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో ఒక వరుస ఉంది. ఆ వరుస తప్పితే గట్టి తాళం కూడా పనికిరాదు.

మొదట ఈమెయిల్

స్టీమ్ పాస్‌వర్డ్ మరిచిపోతే కొత్తది పెట్టుకునే దారి మీ ఈమెయిల్ మీదుగానే వెళుతుంది. ఖాతాలో ఏ ముఖ్యమైన మార్పు జరిగినా హెచ్చరిక వచ్చేది కూడా ఆ ఈమెయిల్‌కే. కాబట్టి మెయిల్ దొంగ చేతిలో ఉంటే, స్టీమ్ పాస్‌వర్డ్ మీరు ఎన్నిసార్లు మార్చినా అతను వెనకాలే వచ్చి మళ్లీ మార్చగలడు. అందుకే పని మెయిల్‌తో మొదలుపెట్టండి.

ముందుగా స్టీమ్‌లో మీ ఖాతా వివరాల పేజీ తెరిచి, అక్కడ ఏ మెయిల్ ఉందో చూడండి. పదో తరగతిలో ఎవరో స్నేహితుడు తెరిచి ఇచ్చిన మెయిల్, కాలేజీ ఇచ్చిన మెయిల్, పాస్‌వర్డ్ ఎప్పుడో మరిచిపోయిన పాత మెయిల్ అక్కడ కనిపించడం మామూలే. కాలేజీ మెయిల్ అయితే చదువు ముగిశాక అది మూసేస్తారు. అలాంటిది ఏదైనా ఉంటే ఇప్పుడే మార్చి, మీరు రోజూ వాడే సొంత మెయిల్ పెట్టండి.

ఆ మెయిల్ జీమెయిల్ అనుకుందాం. `myaccount.google.com` తెరిచి, భద్రతకు సంబంధించిన విభాగంలో `2-Step Verification` ఆన్ చేయండి. అక్కడే `Backup codes` అనే చోట పది కోడ్‌లు ఇస్తారు. ఒక్కొక్కటి ఎనిమిది అంకెలు, ఒక్కొక్కటి ఒక్కసారే పనిచేస్తుంది. ఫోను పోయిన రోజున మెయిల్ తెరవడానికి ఇవే ఆధారం కాబట్టి కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫోనులో స్క్రీన్‌షాట్ తీసి ఉంచితే, ఫోనుతో పాటే అదీ పోతుంది.

తర్వాత జీమెయిల్ సెట్టింగ్స్‌లో రెండు చోట్లు చూడాలి. చాలామంది వీటి జోలికి పోరు. ఒకటి `Filters and Blocked Addresses`, రెండోది `Forwarding and POP/IMAP`. ఎప్పుడైనా మీ మెయిల్‌లోకి చొరబడినవాడు అక్కడ ఒక చిన్న నియమం పెట్టి వెళ్లి ఉండవచ్చు. స్టీమ్ నుంచి వచ్చే ఉత్తరాలన్నీ మీకు కనబడకుండా నేరుగా చెత్తబుట్టలో పడేలా చేయడం, లేదా ప్రతి ఉత్తరం నకలు వేరే చిరునామాకు పోయేలా చేయడం అతని ఉద్దేశం. మీరు పెట్టని నియమం ఏది కనిపించినా తీసేయండి. తీసేసిన వెంటనే మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి.

ఇక రికవరీ ఫోన్ నంబరు. మన దేశంలో వాడకం ఆగి రద్దయిన మొబైల్ నంబరును కనీసం 90 రోజుల తర్వాత కంపెనీలు మరొకరికి కేటాయిస్తాయి. అంటే మీరు రీచార్జ్ చేయడం మానేసిన పాత సిమ్ నంబరు ఏదో ఒక రోజు ముక్కూమొహం తెలియని మనిషి జేబులో మోగుతుంది. మీ మెయిల్‌కు, స్టీమ్‌కు అదే నంబరు ఉంటే, రికవరీ కోడ్ ఎస్ఎంఎస్ ఆయనకు వెళుతుంది. ఎమ్మెస్ చదవడానికి అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా వెళ్లే మన పిల్లల విషయంలో ఇది తరచుగా జరిగే పొరపాటు. విమానం ఎక్కేముందు బట్టలు, పచ్చళ్లు అన్నీ గుర్తుంటాయి గానీ, ఇక్కడి నంబరును ఖాతాల్లోంచి మార్చాలన్న సంగతి గుర్తుండదు. మీరు విదేశాల్లో ఉంటే, ఇక్కడి సిమ్‌ను చిన్న రీచార్జ్‌తో బతికించి ఉంచండి, లేదా అక్కడి నంబరు వచ్చిన మొదటి వారంలోనే ఖాతాలన్నిటిలో దాన్ని పెట్టండి. ఇంట్లో అమ్మానాన్నల ఫోనులో ఆ సిమ్ ఉంటే, ఎవరు ఫోన్ చేసి ఓటీపీ అడిగినా చెప్పవద్దని వాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

ఫోనులో బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ లాంటివి ఆడేవాళ్లకు కూడా ఇక్కడిదాకా చెప్పినదంతా వర్తిస్తుంది. ఆ ఆటలను గూగుల్, ఫేస్‌బుక్ లాంటి ఖాతాతో తెరుస్తారు కాబట్టి, ఆ ఖాతా భద్రతే ఆట భద్రత. గెస్ట్‌గా ఆడుతూ ఉంటే మాత్రం ఈరోజే ఏదో ఒక ఖాతాకు కలపండి.

పాస్‌వర్డ్: ఒక్క చోటుకే ఒకటి

స్టీమ్ పాస్‌వర్డ్ పోవడానికి స్టీమ్‌లోకే దొంగ రావాల్సిన పనిలేదు. మీరు ఎప్పుడో ఒక చిన్న వెబ్‌సైట్‌లో, ఒక ఫోరమ్‌లో, ఒక షాపింగ్ యాప్‌లో అదే మెయిల్, అదే పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటారు. ఆ సైట్ సమాచారం బయటపడితే, ఆ జాబితా దొంగల చేతుల్లో తిరుగుతుంది. దాన్ని ఒక ప్రోగ్రామ్‌కు ఇచ్చి, పేరు పేరునా అన్ని చోట్లా లాగిన్ ప్రయత్నిస్తారు. మనిషి కూర్చుని ఊహించే పని ఇందులో లేదు. మీ పాస్‌వర్డ్ ఎంత కఠినంగా ఉన్నా, రెండు చోట్ల వాడారంటే రెండింటిలో బలహీనమైన చోటు నుంచి అది పోతుంది. మీ మెయిల్ అలాంటి జాబితాల్లో ఉందో లేదో `haveibeenpwned.com`లో ఉచితంగా చూసుకోవచ్చు. అక్కడ మెయిల్ చిరునామా ఇస్తే చాలు.

ప్రతి చోటా వేర్వేరు పాస్‌వర్డ్‌లు గుర్తుపెట్టుకోవడం మనిషికి అయ్యే పని కాదు. దానికి పాస్‌వర్డ్ మేనేజర్ ఉంది. బిట్‌వార్డెన్ ఉచితంగానే దొరుకుతుంది. కీపాస్ఎక్స్‌సీ అయితే మీ కంప్యూటర్‌లోనే ఫైలుగా ఉంటుంది. ఫోనులోని గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ వాడినా నాకు అభ్యంతరం లేదు. ఏదో ఒకటి వాడండి. స్టీమ్ పాస్‌వర్డ్‌ను దానిచేతే 20 అక్షరాలతో తయారు చేయించి, అందులోనే దాచండి. దాన్ని మీరు చూడాల్సిన అవసరం కూడా రాదు.

మీరు నోటికి గుర్తుపెట్టుకోవాల్సినవి రెండే మిగులుతాయి: మేనేజర్ పాస్‌వర్డ్, మెయిల్ పాస్‌వర్డ్. వీటిని మాటలతో కట్టుకోండి. ఒక తెలుగు నిఘంటువు తీసి, కళ్లు మూసుకుని ఐదు చోట్ల తెరిచి, వేలు పడిన మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోండి. మచ్చుకు ఇలా వస్తుంది:

```
gorinta-vantena-udata-kavidi-teppa
```

ఇది మచ్చు మాత్రమే, దీన్నే వాడకండి. మాటలను మీరు ఎంచుకోకూడదు, చేతికి అందినవే తీసుకోవాలి. మనం ఎంచుకుంటే అభిమాన హీరో పేరు, ఊరి పేరు, ఇష్టదైవం పేరు, పుట్టిన సంవత్సరం వస్తాయి. దొంగల జాబితాల్లో ముందు వరసలో ఉండేవి కూడా అవే. చివర `@123` తగిలించడం వల్ల ఏమీ ఒరగదు. ఆ తోక కూడా వాళ్ల జాబితాలో ఉంటుంది.

మేనేజర్ వల్ల రెండో లాభం కూడా ఉంది. నా దృష్టిలో మొదటిదానికంటే అదే పెద్దది. పాస్‌వర్డ్‌ను మేనేజర్ ఏ చిరునామాకు దాచిందో ఆ చిరునామాలోనే నింపుతుంది. అచ్చం స్టీమ్‌లా కనిపించే దొంగ పేజీని చూసి మీ కన్ను మోసపోవచ్చు గానీ, మేనేజర్ మోసపోదు. లాగిన్ పేజీలో అది తనంతట తాను నింపకపోతే, చేత్తో కాపీ చేసి అతికించకండి. అక్కడే ఆగి చిరునామా చూడండి.

స్టీమ్ గార్డ్ ఆన్ చేయడం

ఇప్పుడు రెండో అంచె. స్టీమ్‌లో దీని పేరు స్టీమ్ గార్డ్. దీనికి రెండు రూపాలున్నాయి. ఒకదానిలో కోడ్ మెయిల్‌కు వస్తుంది. రెండోదానిలో ఫోనులోని స్టీమ్ యాప్ 30 సెకన్లకు ఒకసారి మారే ఐదు అక్షరాల కోడ్‌ను తయారు చేస్తుంది. రెండోదే పెట్టండి. మెయిల్ కోడ్ అయితే రెండు తాళాలకూ ఒకటే తాళంచెవి ఉన్నట్టు. మెయిల్ పోతే రెండూ పోతాయి. పైగా యాప్‌లో అయితే స్కిన్లు పంపే ప్రతిసారీ ఫోనులో మీ అనుమతి అడుగుతుంది. యాప్ లేనివాళ్ల మారకాలను స్టీమ్ 15 రోజుల వరకు ఆపి ఉంచేది కూడా, మోసం జరిగితే గుర్తించే వ్యవధి ఇవ్వడానికే.

ఫోనులో స్టీమ్ యాప్‌ను ప్లే స్టోర్ లేదా యాప్ స్టోర్ నుంచే దించుకోండి. ఎవరో పంపిన ఏపీకే ఫైలు నుంచి వద్దు. లాగిన్ అయ్యాక డాలు బొమ్మ ఉన్న స్టీమ్ గార్డ్ ట్యాబ్ నొక్కి, అథెంటికేటర్ జోడించే బటన్ నొక్కితే, ఒక ధ్రువీకరణ కోడ్ వస్తుంది. అది టైప్ చేయగానే తెర మీద `R` అక్షరంతో మొదలయ్యే చిన్న కోడ్ కనిపిస్తుంది. అందరూ చదవకుండా దాటేసే తెర ఇదే.

ఆ `R` కోడే మీ రికవరీ కోడ్. ఫోను పోయినా, పాడైనా, రీసెట్ చేసినా, అథెంటికేటర్‌ను ఖాతా నుంచి తొలగించడానికి అది పనికొస్తుంది. ఇప్పటికే స్టీమ్ గార్డ్ వాడుతున్నవాళ్లు దాన్ని దాటేసి ఉంటే, అదే ట్యాబ్‌లో సెట్టింగ్స్ చక్రం నొక్కి `My Recovery Code` తెరిచి మళ్లీ చూడవచ్చు. ఫోను చేతిలో ఉన్నప్పుడే అది సాధ్యం. ఫోను పోయాక చూడాలంటే దారి లేదు.

ఒక కాగితం తీసుకుని ఈ నాలుగూ రాయండి: స్టీమ్ లాగిన్ పేరు, `R` కోడ్, జీమెయిల్ బ్యాకప్ కోడ్‌లు, `7656119`తో మొదలయ్యే 17 అంకెల స్టీమ్ ఐడీ. లాగిన్ పేరు అంటే స్నేహితులకు కనిపించే పేరు కాదు, లాగిన్ అయ్యేటప్పుడు టైప్ చేసేది. లాగిన్ పేరు, స్టీమ్ ఐడీ రెండూ ఖాతా వివరాల పేజీలో ఉంటాయి. దొంగ మీ బొమ్మను, కనిపించే పేరును, ప్రొఫైల్ లింకును మార్చేసినా ఆ 17 అంకెలు మారవు. స్నేహితులు మీ ఖాతా మీద ఫిర్యాదు చేయాలన్నా, మీరు సపోర్ట్‌కు చెప్పుకోవాలన్నా ఆ అంకెలతో గుర్తుపడతారు. ఆ కాగితాన్ని సర్టిఫికెట్లు, భూమి పత్రాలు దాచే బీరువాలో పెట్టండి. పాస్‌వర్డ్ మాత్రం దాని మీద రాయకండి.

ఫోను మార్చేటప్పుడు పాతదాన్ని అమ్మే ముందే కొత్త ఫోనులో స్టీమ్ యాప్ తెరిచి అథెంటికేటర్‌ను అక్కడికి మార్చుకోండి. యాప్‌ను తీసేస్తే ఖాతా నుంచి కూడా అథెంటికేటర్ పోయిందనుకునేవాళ్లు ఉన్నారు. అది నిజం కాదు. ఖాతా ఇంకా ఆ పాత ఫోను కోడ్‌నే అడుగుతూ ఉంటుంది.

గేమింగ్ సెంటర్లలో ఆడేవాళ్లకు ఒక సూచన. అక్కడి కీబోర్డు మీద పాస్‌వర్డ్ టైప్ చేయకుండా, లాగిన్ తెర మీద కనిపించే క్యూఆర్ కోడ్‌ను మీ స్టీమ్ యాప్‌తో స్కాన్ చేసి లోపలికి వెళ్లండి. ఆ కంప్యూటర్‌లో మీట నొక్కిందల్లా నమోదు చేసే ప్రోగ్రామ్ ఉన్నా, దానికి దొరికేదేమీ ఉండదు. లేచి వెళ్లేటప్పుడు సైన్ అవుట్ చేయడం మరవవద్దు.

ఇన్ని తాళాలు వేశాక కూడా దొంగ ఎలా వస్తాడు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. ఇప్పుడు జరుగుతున్న చోరీల్లో తాళం పగలగొట్టడం అరుదు. మన చేతే తెరిపిస్తున్నారు.

ఒక ఉదాహరణ. కాకినాడలో ఇంజనీరింగ్ చదివే విద్యార్థికి రాత్రి పదకొండు గంటలకు డిస్కార్డ్‌లో స్నేహితుడి పేరుతో సందేశం వస్తుంది. ‘మా టీమ్ టోర్నమెంట్‌లో ఉంది, ఒక ఓటు వేయవా?’ అని, కింద లింకు. పంపినది స్నేహితుడి ఖాతానే, కానీ దాని వెనక ఉన్నది స్నేహితుడు కాదు. అతని ఖాతా నిన్ననే పోయింది. లింకు తెరిస్తే టీమ్‌ల బొమ్మలు, ఓట్ల సంఖ్యలు, స్టీమ్‌తో లాగిన్ అవ్వమనే బటన్. నొక్కగానే చిన్న కిటికీ తెరుచుకుంటుంది. దాని పైన `steamcommunity.com` అని చిరునామా, పక్కన తాళం గుర్తు. అంతా సరిగ్గానే ఉన్నట్టుంటుంది.

ఆ కిటికీ నిజమైనది కాదు. ఆ పేజీలోనే గీసిన బొమ్మ అది. చిరునామా, తాళం గుర్తు, మూసే బటన్ అన్నీ బొమ్మలోవే. 2022లో ఈ పద్ధతి అందరి దృష్టికీ వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో గ్రూప్-ఐబీ అనే భద్రతా సంస్థ, దీన్ని స్టీమ్ వాడకందారుల మీద ప్రయోగిస్తున్న తీరును వివరించింది. విద్యార్థి పేరు, పాస్‌వర్డ్ టైప్ చేయగానే అవి దొంగ దగ్గరకు వెళతాయి. అతని ప్రోగ్రామ్ అదే క్షణంలో అసలు స్టీమ్‌లో వాటిని కొడుతుంది. అసలు స్టీమ్ ఐదు అక్షరాల కోడ్ అడుగుతుంది. దొంగ పేజీ కూడా అదే అడుగుతుంది. విద్యార్థి ఫోను చూసి టైప్ చేస్తాడు. 30 సెకన్లలో మారిపోయే కోడ్ అయినా, దొంగకు అయిదు సెకన్లు చాలు.

దీన్ని పట్టుకునే గుర్తులు మూడు. ఆ చిన్న కిటికీని మౌస్‌తో పట్టుకుని బ్రౌజర్ అంచు బయటికి లాగి చూడండి. నిజమైన కిటికీ డెస్క్‌టాప్ మీదికి వస్తుంది, బొమ్మ కిటికీ పేజీ అంచు దగ్గరే ఆగిపోతుంది. రెండోది, పైన చెప్పినట్టు పాస్‌వర్డ్ మేనేజర్ నింపదు. మూడోది అన్నిటికంటే సులువు: మీరు అదే బ్రౌజర్‌లో స్టీమ్ సైట్‌లో ముందే లాగిన్ అయి ఉంటే, అసలు స్టీమ్ పేజీ మీ పేరు, బొమ్మ చూపించి ఒక్క బటన్ నొక్కమంటుంది. పాస్‌వర్డ్ అడగదు. అడిగిందంటే మూసేయండి. దొంగ పేజీలు క్యూఆర్ కోడ్ కూడా చూపించగలవు. అందుకే స్కాన్ చేశాక యాప్ అనుమతి అడిగినప్పుడు, లాగిన్ ఏ చోటు నుంచి అని చూపిస్తోందో చదవండి. మీరు కాకినాడలో కూర్చుని ఉంటే అక్కడ మరో దేశం పేరు ఉండకూడదు.

కథ ఇక్కడితో అయిపోలేదు. లోపలికి వచ్చిన దొంగ వెంటనే స్కిన్లు పంపుకోలేడు. పంపాలంటే విద్యార్థి ఫోనులో అనుమతి కావాలి. కాబట్టి ఓపిగ్గా కాచుకుంటాడు. ఖాతాకు ఒక వెబ్ ఏపీఐ కీ సంపాదిస్తాడు. అసలు ఇది ప్రోగ్రామర్ల కోసం ఉన్న సదుపాయం. దానితో ఖాతాలోని మారకాల ప్రతిపాదనలను దూరం నుంచే చూడవచ్చు, రద్దు చేయవచ్చు. కొన్నాళ్లకు విద్యార్థి తన తమ్ముడికి ఒక స్కిన్ పంపబోతాడు. ఆ క్షణమే దొంగ ప్రోగ్రామ్ ఆ ప్రతిపాదనను రద్దు చేసి, తమ్ముడి పేరు, తమ్ముడి బొమ్మే పెట్టుకున్న మరో ఖాతాకు అదే స్కిన్ పంపే ప్రతిపాదన పెడుతుంది. ఫోనులో అనుమతి తెర వస్తుంది. పేరు అదే, బొమ్మ అదే, స్కిన్ అదే. నొక్కేస్తాడు.

పేరును, బొమ్మను ఎవరైనా కాపీ కొట్టవచ్చు. స్టీమ్ లెవెల్‌ను, ఖాతా తెరిచిన తేదీని కొట్టలేరు. అనుమతి తెర మీద అవి కూడా ఉంటాయి. తమ్ముడి ఖాతా 2019 నాటిది అయితే, అక్కడ పోయిన వారం తేదీ ఉందంటే నొక్కకూడదు. అలాగే `steamcommunity.com/dev/apikey` పేజీని ఒకసారి తెరిచి చూడండి. మీరు ప్రోగ్రామర్ కాకపోతే అక్కడ కీ ఏదీ ఉండకూడదు, కొత్తది నమోదు చేసుకునే ఖాళీ ఫారం మాత్రమే కనిపించాలి. కీ ఉందంటే, మీ ఖాతాలోకి ఎవరో వచ్చి వెళ్లారు. `Revoke My Steam Web API Key` నొక్కి, పాస్‌వర్డ్ మార్చండి.

ఇంకో రకం మోసంలో, ‘పొరపాటున మీ ఖాతా మీద ఫిర్యాదు చేశాను, బ్యాన్ కాకుండా ఉండాలంటే ఫలానా స్టీమ్ అధికారితో డిస్కార్డ్‌లో మాట్లాడండి’ అంటారు. వాల్వ్ ఉద్యోగులు డిస్కార్డ్‌లోనో, స్టీమ్ చాట్‌లోనో మీ ఖాతా గురించి మాట్లాడరు. పాస్‌వర్డ్, గార్డ్ కోడ్ అడగరు.

కుకీలను ఎత్తుకెళ్లే ప్రోగ్రామ్‌లు

ఒక్క సందర్భంలో పైన చెప్పిన తాళాలు చాలావరకు పక్కకు తప్పుకుంటాయి. మీరు కంప్యూటర్‌లో చీట్ ప్రోగ్రామ్, పైరేటెడ్ ఆట, ‘ఉచిత స్కిన్ ఛేంజర్’ లాంటిది వేసుకుంటే, దానితో పాటు సమాచారం దొంగిలించే మాల్వేర్ వచ్చే అవకాశం ఉంది. అది పాస్‌వర్డ్ అడగదు. మీరు ఇప్పటికే లాగిన్ అయి ఉన్నారని బ్రౌజర్, స్టీమ్ కుకీల రూపంలో దాచుకున్న గుర్తింపునే కాపీ చేసి పంపేస్తుంది. దొంగ ఆ గుర్తింపుతో నేరుగా లోపలికి వస్తాడు. అతనికి కోడ్ అడిగే తెరే రాదు. ‘యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయండి’ అని రాసి ఉన్న ఏ ఫైలునూ తెరవకండి. ‘నా ఆట కొత్తగా తయారు చేశాను, ఆడి చెప్పు’ అని పరిచయం లేనివాళ్లు పంపే ఫైలు కూడా ఇదే కోవలోది.

ఇలాంటిది వేసుకున్నానని అనుమానం వస్తే, ఆ కంప్యూటర్ మీద కూర్చుని పాస్‌వర్డ్ మార్చకండి. కొత్తది కూడా వెంటనే దొంగకు చేరుతుంది. ముందు ఫోనులోంచి, మొబైల్ డేటా మీద, మెయిల్, స్టీమ్ పాస్‌వర్డ్‌లు మార్చండి. స్టీమ్‌లో `Authorized Devices` పేజీ తెరిచి అన్ని చోట్ల నుంచీ సైన్ అవుట్ చేయండి. కాపీ అయిన గుర్తింపు అప్పుడు చెల్లకుండా పోతుంది. ఆ తర్వాత కంప్యూటర్‌లో విండోస్‌ను మొత్తం మళ్లీ వేసుకోవడమే నమ్మదగిన మార్గం.

ఖాతా పోయిందని తెలిసినప్పుడు

మీరు చేయని మార్పు గురించి స్టీమ్ నుంచి మెయిల్ రావడం, రాత్రికి రాత్రి పాస్‌వర్డ్ పనిచేయకపోవడం, మీరు పంపని లింకుల గురించి స్నేహితులు అడగడం, ఇవీ గుర్తులు. తొందరపడకుండా ఈ వరుసలో వెళ్లండి.

శుభ్రమైన ఫోను లేదా కంప్యూటర్ నుంచి ముందు మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, తెలియని పరికరాలను బయటికి పంపండి. ఫిల్టర్లు చూడండి. తర్వాత ఇన్‌బాక్స్‌లోనూ చెత్తబుట్టలోనూ స్టీమ్ పంపిన మెయిల్స్ వెతకండి. మెయిల్ చిరునామా మార్చినట్టు వచ్చిన హెచ్చరికలో, ఆ మార్పు మీరు చేయకపోతే ఖాతాను స్తంభింపజేసే లింకు ఉంటుంది. దాన్ని నొక్కితే దొంగ కూడా లోపల ఏమీ చేయలేడు. లింకు నొక్కే ముందు మెయిల్ నిజంగా స్టీమ్ నుంచే వచ్చిందా అని పంపినవారి చిరునామా చూడండి.

తర్వాత బ్రౌజర్‌లో `help.steampowered.com` అని మీరే టైప్ చేసి తెరవండి. లాగిన్ అవ్వలేకపోతున్నామనే దారిలో వెళ్లి, ఖాతా చోరీ అయిందన్న అంశాన్ని ఎంచుకోండి. లాగిన్ పేరు, మొదట వాడిన మెయిల్, ఫోన్ నంబరు అడుగుతారు. అవేవీ మీ చేతిలో లేకపోయినా, ఖాతా మీదేనని రుజువు చేసే దారి మిగిలి ఉంటుంది. అదే కొనుగోళ్ల చరిత్ర. ఆట కొన్నప్పుడు స్టీమ్ నుంచి వచ్చిన రసీదు మెయిల్, చెల్లింపు వివరాలు, డబ్బాలో కొన్న ఆట అయితే దాని కీ, ఇవన్నీ సాక్ష్యాలే. అందుకే స్టీమ్ రసీదు మెయిల్స్‌ను ఎప్పుడూ తుడిచేయకండి. జీమెయిల్‌లో వాటికి ఒక లేబుల్ పెట్టి పక్కన పెట్టండి. యూపీఐతో కొన్నప్పుడు బ్యాంకు స్టేట్‌మెంట్‌లోనూ ఆ లావాదేవీ ఉంటుంది. ఖాతాను వేరేవాళ్ల దగ్గర కొన్నవాళ్లకు ఈ దారి మూసుకుపోతుంది. మొదటి రసీదులు అమ్మినవాడి దగ్గరే ఉంటాయి, ఖాతాల అమ్మకాన్ని స్టీమ్ ఒప్పుకోదు కూడా. చౌకగా వస్తోందని కొనకండి.

ఖాతా తిరిగి వచ్చాక స్కిన్లు కనిపించకపోతే మారకాల చరిత్ర తెరవండి. 2025 జులై నుంచి కౌంటర్ స్ట్రైక్ 2 వస్తువులకు ఒక రక్షణ వచ్చింది. చేతులు మారిన ఏడు రోజుల్లోపు ఆ మారకాలను వెనక్కి తిప్పుకోవచ్చు. ఒకటి రెండు ఎంచుకోవడం కుదరదు, ఆ వ్యవధిలోని మారకాలన్నీ ఒకేసారి వెనక్కి వెళతాయి. ఆ తర్వాత కొంతకాలం మీ ఖాతా నుంచి మారకాలు చేయనివ్వరు. ఏడు రోజులు దాటితే మాత్రం పోయిన వస్తువులను స్టీమ్ సపోర్ట్ తిరిగి ఇవ్వదు. కాబట్టి ఖాతా చేతికి రాగానే ముందు చూడాల్సింది ఆ పేజీనే.

‘మీ ఖాతా రికవర్ చేసి పెడతాం, కొంత డబ్బు పంపండి’ అంటూ ఇన్‌స్టాగ్రామ్, టెలిగ్రామ్‌లలో చాలామంది తగులుతారు. వాళ్లు రెండో దొంగలు. స్టీమ్ సపోర్ట్ ఉచితం, దానికి దళారులు లేరు. కార్డు నుంచో యూపీఐ నుంచో నిజమైన డబ్బు కూడా పోయి ఉంటే, వెంటనే 1930కు ఫోన్ చేసి, `cybercrime.gov.in`లో ఫిర్యాదు నమోదు చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును బ్యాంకు మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. దొంగ పంపిన లింకు, మీ 17 అంకెల స్టీమ్ ఐడీ, చాట్ స్క్రీన్‌షాట్లు ఫిర్యాదుతో పాటే ఇవ్వండి.